డబ్బు కట్ అయింది, టికెట్ రాలేదు: అది ఎక్కడ ఆగిందో తేల్చుకోవడం ఎలా?

ప్రశ్న: సికింద్రాబాద్ నుంచి విశాఖపట్నం వెళ్లడానికి 12వ తేదీ ఉదయం 11 గంటలకు తత్కాల్‌లో నలుగురికి స్లీపర్ టికెట్లు బుక్ చేయబోయాను. యూపీఐలో 2,173 రూపాయల 60 పైసలు కట్ అయ్యాయి. పేమెంట్ యాప్‌లో "సక్సెస్" అని ఉంది, టికెట్ మాత్రం రాలేదు. బ్యాంకులో అడిగితే టికెట్ అమ్మేవాళ్లనే అడగమన్నారు. ఇవాళ 14వ తేదీ. నెట్‌లో దొరికిన ఒక కస్టమర్ కేర్ నంబరుకు ఫోన్ చేద్దామని మా తమ్ముడు అంటున్నాడు. చేయవచ్చా? నా డబ్బు ఎవరిని అడగాలి?
– ఒక పాఠకుడు, సికింద్రాబాద్

సమాధానం: తమ్ముడిని ముందు ఆ ఫోన్ చేయకుండా ఆపండి. సరిగ్గా మీలాంటి పరిస్థితిలో ఉన్నవాళ్ల కోసమే మోసగాళ్లు దొంగ కస్టమర్ కేర్ నంబర్లు నెట్‌లో పెట్టి కూర్చుంటారు. సోషల్ మీడియాలో మీరు "డబ్బు పోయింది" అని రాసుకున్నా, పది నిమిషాల్లో "మీ నంబర్ పంపండి సార్" అంటూ జవాబిచ్చేది చాలాసార్లు వాళ్లే. ఫోన్ ఎత్తినవాడు చాలా మర్యాదగా మాట్లాడతాడు. ఆ తర్వాత మీ స్క్రీన్ తనకు కనిపించేలా ఏదో యాప్ వేసుకోమంటాడు, లేదా రిఫండ్ కోసం ఒక క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టమంటాడు. యూపీఐ పిన్ కొట్టేది డబ్బు పంపడానికి, ఖాతాలో ఎంతుందో చూసుకోవడానికి. డబ్బు రావడానికి పిన్‌తో పని లేదు. ఫోన్ చేయాల్సి వస్తే ఐఆర్‌సీటీసీ నంబర్ 14646, రైల్వే హెల్ప్‌లైన్ 139. బ్యాంకు నంబర్ మీ డెబిట్ కార్డు వెనకాలే ఉంటుంది. తమ్ముడు ఈపాటికే ఆ నంబరుకు చేసి పిన్నో ఓటీపీనో చెప్పి ఉంటే, ఇది చదవడం ఆపి ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆలస్యమయ్యేకొద్దీ ఆ డబ్బు చేతులు మారిపోతుంది.

ఇక అసలు విషయం. మీరు పిన్ కొట్టాక రెండు వేరు వేరు పనులు జరగాలి. మొదటిది, మీ బ్యాంకు ఖాతాలోంచి డబ్బు బయల్దేరి, యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ మీదుగా ఐఆర్‌సీటీసీ తరఫు బ్యాంకుకు చేరాలి. రెండోది, "డబ్బు ముట్టింది" అనే కబురు పేమెంట్ గేట్‌వే ద్వారా ఐఆర్‌సీటీసీకి అందాలి. ఆ కబురు అందాకే రైల్వే రిజర్వేషన్ సిస్టమ్‌ బెర్తు కేటాయిస్తుంది, పీఎన్ఆర్ పుడుతుంది. మీరు పేర్లు నింపి, డబ్బు కట్టే పేజీకి వెళ్లినంత మాత్రాన బెర్తులు మీ కోసం పక్కన పెట్టి ఉంచరు. ఉదయం 11 గంటలకు స్లీపర్ తత్కాల్ తెరుచుకోగానే వేలమంది ఒకేసారి అదే బెర్తుల కోసం వస్తారు. కాబట్టి కబురు కాస్త ఆలస్యంగా అందితే డబ్బు చేరినా బెర్తు ఉండదు.

పేమెంట్ యాప్‌లో కనిపించే "సక్సెస్" మొదటి పని గురించే. బ్యాంకు నుంచి బ్యాంకుకు డబ్బు వెళ్లిందని దాని అర్థం. టికెట్ గురించి ఆ యాప్‌కు ఏమీ తెలియదు. అందుకే అక్కడ పచ్చటి టిక్కు చూసి టికెట్ వచ్చి తీరుతుందని ఎదురుచూడటంలో అర్థం లేదు.

మీ డబ్బు ఇప్పుడు మూడు చోట్లలో ఒక చోట ఉండి ఉంటుంది. ఏది అన్నదాన్ని బట్టి ఎవరిని అడగాలన్నది మారుతుంది. బ్యాంకు, టికెట్ అమ్మేవాళ్లు మిమ్మల్ని ఒకరి మీద ఒకరు తోసెయ్యడానికి వీలు దొరికేది ఈ సంగతి తేలకుండా వెళ్లినప్పుడే.

తేల్చుకోవడం కష్టమేమీ కాదు. బుక్ చేసిన అదే లాగిన్‌తో ఐఆర్‌సీటీసీలోకి వెళ్లి, My Account కింద ఉన్న My Transactions తెరవండి. అక్కడ బుక్ అయిన టికెట్ల జాబితా ఉంటుంది, విఫలమైన లావాదేవీలు, రిఫండ్ల వివరాలు కూడా ఉంటాయి. మూడూ చూడండి. బుకింగుల పేజీ ఒక్కటే చూసి "ఏమీ లేదు" అని బయటికొచ్చేస్తే సగం సమాచారం వదిలేసినట్టే.

బుక్ అయిన జాబితాలో పది అంకెల పీఎన్ఆర్ కనిపించిందనుకోండి, మీ టికెట్ ఉంది. ఎస్ఎంఎస్, మెయిల్ రాలేదంతే. సంతోషించాల్సిన విషయమే గానీ, చాలామంది నష్టపోయేది కూడా ఇక్కడే. పేజీ తిరుగుతూ ఆగిపోగానే కంగారులో మళ్లీ కడతారు, రెండు టికెట్లూ బుక్ అవుతాయి. అప్పుడు ఒకటి రద్దు చేసుకోవాలి. రద్దంటే ఛార్జీలు పడతాయి. పైగా కన్‌ఫర్మ్ అయిన తత్కాల్ టికెట్ రద్దు చేస్తే మామూలుగా పైసా తిరిగి రాదు. రెండోసారి కట్టే ముందు ఈ జాబితా ఒక్కసారి చూడటానికి రెండు నిమిషాలు పడుతుంది. తత్కాల్‌లో రెండు నిమిషాలంటే చాలా ఎక్కువే, ఒప్పుకుంటాను. అయినా నలుగురి టికెట్ల డబ్బు కంటే ఎక్కువ కాదు.

రెండో పరిస్థితి: విఫలమైన లావాదేవీల్లో మీ ప్రయత్నం కనిపిస్తుంది, కానీ డబ్బు అందినట్టు అక్కడ లేదు. లేదా అసలు ఏ జాబితాలోనూ ఏమీ లేదు. అంటే కబురు దారిలో తెగిపోయింది. సర్వర్ల మీద ఒత్తిడి, గేట్‌వే జవాబు ఆలస్యం కావడం, పేజీకిచ్చిన గడువు అయిపోవడం, యాప్ నుంచి బ్రౌజర్‌కు తిరిగొచ్చేలోపు మీరు వెనక్కి వెళ్లే బటన్ నొక్కడం, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. ఈ డబ్బు బ్యాంకుల మధ్య ఉన్నట్టు లెక్క. దీన్ని వెనక్కి తెప్పించాల్సింది బ్యాంకులే, మీరు అడగాల్సింది మీ బ్యాంకునే.

మూడో పరిస్థితి: డబ్బు అందింది, బుకింగ్ కాలేదు అని ఐఆర్‌సీటీసీ జాబితాలోనే కనిపిస్తుంది. కొన్నిసార్లు పక్కనే రిఫండ్ వివరం కూడా ఉంటుంది. కబురు అందేసరికి బెర్తులు అయిపోయి ఉంటాయి, లేదా రిజర్వేషన్ సిస్టమ్‌ ఆ సమయంలో జవాబివ్వలేదు. తత్కాల్‌లో ఇది మామూలే. ఈ డబ్బు ఐఆర్‌సీటీసీ దగ్గరే ఉంది, తిరిగి పంపాల్సింది వాళ్లే. అసలు టికెట్టే పుట్టలేదు కాబట్టి రద్దు ఛార్జీల ప్రసక్తి లేదు, కట్టిన మొత్తం రావాలి. ఇక్కడ మీ బ్యాంకు "అమ్మినవాళ్లను అడగండి" అంటే అది తప్పించుకోవడం కాదు, నిజమే చెబుతోంది.

మీది రెండోదా, మూడోదా అన్నది మీ ఉత్తరాన్ని బట్టి చెప్పలేం. ఆ జాబితాలు చూస్తేనే తెలుస్తుంది. చూసేటప్పుడు మూడు వివరాలు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. మొదటిది పేమెంట్ యాప్‌లో ఆ లావాదేవీ తెరిస్తే కనిపించే పన్నెండు అంకెల నంబర్. దాన్ని UTR అనో UPI Ref No అనో RRN అనో రాస్తారు, అన్నీ ఒకటే. రెండోది ఐఆర్‌సీటీసీ ఇచ్చిన Transaction ID. ఇది వేరే నంబర్. దీన్ని బ్యాంకుకిచ్చి ప్రయోజనం లేదు, వాళ్ల కంప్యూటర్లలో వెతికితే దొరకదు. మూడోది డబ్బు కట్ అయిన తేదీ, సమయం, పైసలతో సహా మొత్తం.

పైసలెందుకని తీసిపారేయకండి. మీ లెక్కే చూద్దాం. 2,173.60లో 11.80 రూపాయలు ఐఆర్‌సీటీసీ కన్వీనియన్స్ ఫీజు. ఏసీ లేని తరగతికి యూపీఐతో కడితే పది రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్‌టీ. ఇంకో 1.80 ప్రయాణ బీమా, తలకు 45 పైసల చొప్పున నలుగురికి. ఇవి పోను మిగిలిన 2,160 అసలు ఛార్జీ. ఇలాంటి వింత మొత్తం ఖాతాలో మళ్లీ జమ అయితే వెంటనే గుర్తుపడతారు. రిఫండ్‌గా వచ్చే డబ్బు చాలాసార్లు కొత్త నంబర్‌తో, వేరే పేరుతో పడుతుంది. కట్ అయినప్పటి UTR కోసం వెతుకుతూ "రాలేదు, రాలేదు" అని వారం తిరిగేవాళ్లు ఉంటారు, డబ్బేమో ఖాతాలో పడి నాలుగు రోజులై ఉంటుంది. మొత్తాన్ని చూసి వెతకండి.

ఇప్పుడు రెండో పరిస్థితి సంగతి కాస్త వివరంగా చూద్దాం, ఎందుకంటే చట్టబద్ధంగా మీ చేతిలో బలమున్నది ఇక్కడే. ఇలా సగంలో ఆగిన చెల్లింపుల గురించి రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరులో ఒక సర్క్యులర్ ఇచ్చింది. అది అదే ఏడాది అక్టోబర్ 15 నుంచి అమల్లో ఉంది. యూపీఐతో వ్యాపారికి డబ్బు కట్టి, ఖాతాలో కట్ అయ్యి, వ్యాపారికి ధ్రువీకరణ అందకపోతే, కట్టిన రోజు కాక మరో ఐదు రోజుల్లోగా డబ్బు దానంతటదే వెనక్కి రావాలి. ఆ గడువు దాటితే రోజుకు వంద రూపాయల చొప్పున పరిహారం మీ ఖాతాలో వేయాలి. మీరు ఫిర్యాదు చేశారా లేదా అన్నదానితో సంబంధం లేకుండా వేయాలని ఆ సర్క్యులర్‌లోనే ఉంది. ఆన్‌లైన్‌లో కార్డుతో కట్టినా ఇదే ఐదు రోజుల గడువు, ఇదే వంద రూపాయలు.

ఇక్కడ రోజులంటే క్యాలెండర్ రోజులు. ఆదివారాలు, పండగలు పక్కన పెట్టి లెక్కించరు. మీరు కట్టింది 12న. ఐదు రోజులు కలిపితే 17. ఆ రాత్రిలోగా డబ్బు వస్తే బ్యాంకు గడువులో ఉన్నట్టే, పరిహారం అడగడానికి లేదు. 20న వచ్చిందనుకోండి, 18, 19, 20 మూడు రోజుల ఆలస్యం. అంటే 2,173.60తో పాటు ఇంకో 300 రూపాయలు రావాలి. అసలు వచ్చి పరిహారం రాకపోతే దాన్ని విడిగా అడగండి. మొహమాటపడాల్సిన పనిలేదు, అది మీకు చెందాల్సిన డబ్బే.

మూడో పరిస్థితికి ఈ వంద రూపాయల నిబంధన పనికిరాదు. అక్కడ చెల్లింపు పూర్తయింది, వ్యాపారికి ధ్రువీకరణ కూడా అందింది. కాబట్టి అది విఫలమైన చెల్లింపు కాదు, సరుకు ఇవ్వలేక తిరిగిచ్చే డబ్బు. ఈ తేడా తెలియక బ్యాంకు మేనేజర్‌తో గొడవపడితే చివరికి వాళ్లదే పైచేయి అవుతుంది.

ఇవాళ 14 కాబట్టి మీ ముందున్న పని ఇది. జాబితా చూసి రెండో పరిస్థితి అని తేలితే, పేమెంట్ యాప్‌లోనే ఆ లావాదేవీ తెరిచి సహాయం లేదా ఫిర్యాదు అన్న చోట నొక్కి ఫిర్యాదు నమోదు చేయండి. ఆ ఫిర్యాదు యూపీఐ వ్యవస్థ ద్వారా బ్యాంకులకు వెళుతుంది, మీకొక నంబర్ వస్తుంది. 17 దాకా ఎదురుచూడండి. 18 ఉదయానికీ రాకపోతే బ్యాంకుకు రాతపూర్వకంగా ఇవ్వండి. మెయిల్ అయినా సరే, బ్రాంచిలో కాగితం ఇచ్చి ముద్ర వేయించుకున్నా సరే. కౌంటర్ దగ్గర నోటితో చెప్పింది ఫిర్యాదు కింద లెక్కలోకి రాదు. ఉత్తరం ఇంత చాలు:

"12వ తేదీ ఉదయం 11.02కు నా ఖాతా నుంచి యూపీఐ ద్వారా రూ. 2,173.60 కట్ అయింది. UTR నంబర్ ఇది. వ్యాపారికి ధ్రువీకరణ అందలేదు, టికెట్ జారీ కాలేదు. ఐఆర్‌సీటీసీ ఖాతాలో లావాదేవీ విఫలమైనట్టున్న పేజీ నకలు జతచేశాను. రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబర్ సర్క్యులర్ ప్రకారం ఐదు రోజుల గడువు 17తో ముగిసింది. మొత్తం, 18 నుంచి రోజుకు రూ. 100 పరిహారం నా ఖాతాలో జమ చేయగలరు. ఫిర్యాదు నంబర్ తెలియజేయండి."

సమయం మీ యాప్‌లో ఉన్నది రాయండి. ఈ ఉత్తరంలో అసలు పనిచేసేది ఆ జతచేసిన పేజీ. "అమ్మినవాళ్లకు డబ్బు ముట్టలేదు" అని వాళ్ల ఖాతాలోనే కనిపిస్తున్నప్పుడు వాళ్లనే అడగండి అనడానికి బ్యాంకుకు దారి మూసుకుపోతుంది.

మూడో పరిస్థితి అయితే బ్యాంకు జోలికి పోకండి. రిఫండ్ సాధారణంగా మూడు నుంచి ఏడు పని దినాల్లో, మీరు ఏ ఖాతా నుంచి కట్టారో అందులోకే వస్తుంది. దానికోసం మీరేమీ దరఖాస్తు పెట్టనక్కర్లేదు. టీడీఆర్ వేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. పీఎన్ఆర్ ఉన్న టికెట్ మీద రిఫండ్ అడగడానికే అది, మీకు పీఎన్ఆరే లేదు. వారం దాటితే 14646కు ఫోన్ చేసి ఐఆర్‌సీటీసీ Transaction ID చెప్పండి. రిఫండ్ పంపేశామని అంటే, ఏ తేదీన పంపారు, దాని రిఫరెన్స్ నంబర్ ఎంత అని అడగండి. ఆ నంబర్ దొరికాక మాత్రం మళ్లీ బ్యాంకు వంతు, అది చూపించి జమ ఎక్కడుందో అడగొచ్చు. కార్డుతో కట్టినవాళ్లకు ఈ నంబర్ ఇరవైమూడు అంకెలుంటుంది, దాన్ని ARN అంటారు. క్రెడిట్ కార్డయితే డబ్బు ఖాతాలో కాదు, కార్డు స్టేట్‌మెంట్‌లో జమగా కనిపిస్తుందని గుర్తుంచుకోండి. ఇవేవీ తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

ప్రయాణం గురించి మీరు అడగలేదు గానీ చెప్పాలి. డబ్బు కట్ అయినట్టు వచ్చిన మెసేజ్ పట్టుకుని రైలెక్కకండి. పీఎన్ఆర్ లేకపోతే టీటీఈ దృష్టిలో మీరు టికెట్ లేని ప్రయాణికులే, జరిమానా కట్టాలి. ఆగిపోయిన డబ్బు రానీ, రాకపోనీ, మీ ప్రయాణానికి వేరే టికెట్ చూసుకోండి. రెండింటినీ ముడిపెట్టకండి.

మళ్లీ తత్కాల్ ప్రయత్నిస్తే, ఈ కబురు తెగే చోటునే తప్పించే వీలుంది. ఐఆర్‌సీటీసీ సొంత చెల్లింపు విధానం ఐపేలో ఆటోపే అని ఒకటుంది. అందులో డబ్బు ముందు మీ ఖాతాలోనే పక్కన పెట్టి ఉంచుతారు, టికెట్ పుట్టాకే కట్ అవుతుంది. టికెట్ రాకపోతే ఆ మొత్తం విడుదలవుతుంది, బయటికి వెళ్లలేదు కాబట్టి వెనక్కి రావాల్సిన పనే లేదు. అయితే పక్కన పెట్టినంతసేపూ ఖాతాలో వాడుకోగల మొత్తం తగ్గి కనిపిస్తుంది. అది చూసి కట్ అయిందని కంగారుపడతారు కొందరు. స్టేట్‌మెంట్‌లో డెబిట్ పడిందా లేదా చూస్తే తెలిసిపోతుంది. ముందే డబ్బు వేసి ఉంచుకునే ఈ-వాలెట్ ఇంకో దారి, బుక్ చేసే నిమిషంలో బ్యాంకు దాకా వెళ్లనక్కర్లేదు.

ఇక ఆఖరి మెట్టు. మీరు బ్యాంకుకు రాతపూర్వకంగా ఇచ్చిన రోజు నుంచి 30 రోజులు దాటినా జవాబు రాకపోతే, లేదా వచ్చిన జవాబు మీకు నచ్చకపోతే, రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. `cms.rbi.org.in`లో ఫిర్యాదు నమోదు చేయాలి, ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. ఎలా నింపాలో తెలియకపోతే 14448కి ఫోన్ చేసి తెలుగులోనే అడగవచ్చు. అక్కడ మొదట అడిగేది బ్యాంకుకు మీరిచ్చిన ఫిర్యాదు నకలు, దాని తేదీ. అది లేకుండా నేరుగా వెళితే ఫిర్యాదు వెనక్కి పంపేస్తారు. కాబట్టి 18న మీరు ఇచ్చే ఆ కాగితం మీద బ్యాంకు ముద్ర, లేదా మెయిల్‌కు జవాబుగా వచ్చిన ఫిర్యాదు నంబర్, ఈ రెండింటిలో ఒకటి దాచి ఉంచుకోండి.